సెలవు మెయిల్లో ఎంత చెప్పాలి?

గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు హక్కుగా వస్తుంది. చట్టం ఇచ్చిన హక్కు అది. దానికి డాక్టరు ధ్రువపత్రం కావాలి. చిక్కంతా ఇక్కడే. ‘ఒంట్లో బాగోలేదు’ అని ఊరుకుంటే మామూలు సిక్‌లీవులు కరిగిపోతాయి. పూర్తిగా రాస్తే ఆ మెయిల్ మేనేజరు నుంచి టీమ్‌లీడుకు, అక్కడి నుంచి ఇంకెవరికో వెళ్తుంది. వెళ్లాక వెనక్కి రాదు.

అందుకే రెండు మెయిళ్లు రాయాలి. మేనేజరుకు ఇంత చాలు: ‘వైద్య కారణాల వల్ల ఈ రోజు నుంచి ఆరు వారాలు సెలవు కావాలి. పత్రాలు హెచ్‌ఆర్‌కు పంపాను. నా పని ఫలానా సహోద్యోగి చూస్తారు.’ హెచ్‌ఆర్‌లో సెలవులు చూసే వ్యక్తికి మాత్రమే, సీసీలో ఎవరినీ పెట్టకుండా, కారణం, తేదీ రాసి ధ్రువపత్రం జతచేయాలి. స్కానింగ్ రిపోర్టులు, పాత గర్భాల వివరాలు అక్కర్లేదు. సబ్జెక్టు లైనులో జబ్బు పేరు అసలు వద్దు. పక్కవాళ్ల ఫోను తెరమీద కనిపించేది అదే.

‘ఏమైందమ్మా?’ అని మేనేజరు ఆప్యాయంగానే అడగవచ్చు. ‘కోలుకుంటున్నాను సార్, వివరాలు హెచ్‌ఆర్‌కు ఇచ్చాను’ అనండి. అంతకుమించి చెప్పాలో లేదో మీ ఇష్టం.