పాత స్నేహం పెళ్లి దాకా వెళ్లేదేనా?

పదో తరగతి బ్యాచ్ కలయికలో 12 ఏళ్ల తర్వాత కలిసిన ఇద్దరు రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారనుకుందాం. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఆమె మనసు అటు లాగుతోంది. అది ప్రేమా, బడి రోజుల మీద బెంగా?

మాటలన్నీ పాత మాస్టార్లు, పాత అల్లర్ల దగ్గరే తిరుగుతుంటే, ఆమెకు తెలిసింది 15 ఏళ్ల పిల్లవాడే, నేటి మనిషి కాదు. అతని ఉద్యోగం, అప్పులు, అమ్మానాన్నల బాధ్యత, ప్రార్థన జీవితం గురించి అడగాలి. నలుగురి మధ్య రెండు మూడుసార్లు కలవాలి. కోపంలో ఎలా మాట్లాడతాడో గమనించాలి.

అప్పటికీ ఇష్టం నిలిస్తే సూటిగా చెప్పాలి: "నాకు పెళ్లి ఆలోచన ఉంది. నీకు లేకపోతే స్నేహితులుగానే ఉందాం." కాదంటే కొన్నాళ్లు ఆ రోజువారీ ఫోన్లు మానాలి; ఆశను పెంచేవి అవే. అవునంటే, ఇంట్లో పెద్దలకూ కాపరిగారికీ దాచకుండా చెప్పాలి.