తలుపు గీతే కొలబద్ద

ఫ్లాటు కొనేముందు బిల్డరు వాట్సాప్‌లో ఒక ప్లాన్ బొమ్మ పంపుతాడు. రంగురంగుల గదులు, మంచాలు, సోఫాలు, పూలకుండీలు అన్నీ అందులో ఉంటాయి. చాలామంది మాస్టర్ బెడ్‌రూమ్ ఎక్కడుందో చూసి ఊరుకుంటారు. చూడాల్సింది ముందు బాణం గుర్తు.

బొమ్మలో పైవైపే ఉత్తరం అనుకోవడం పొరపాటు. కాగితంలో ఇమడటానికి ప్లానును అడ్డంగానో నిలువుగానో తిప్పేస్తారు. మనముందున్న బొమ్మలో N గుర్తు ఎడమకు చూపిస్తోందనుకుందాం. అప్పుడు పైవైపు తూర్పు, కిందివైపు పడమర, కుడివైపు దక్షిణం. సింహద్వారం పైగోడకు ఉంది. గడప దాటి బయటికి వస్తే తూర్పుకే తిరిగి ఉంటాం కాబట్టి ఇది తూర్పు ముఖం ఫ్లాటే. కిందివైపు కుడి మూలనున్న మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో పడింది. వాస్తు చూసేవాళ్లు అక్కడితో తృప్తిపడతారు. కానీ దాని కిటికీ కిందిగోడకు, అంటే పడమరకు ఉంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా సజ్జ కిందినుంచే లోపలికి కొడుతుంది. సజ్జను ఇంకో అడుగు పెంచినా దాన్ని పూర్తిగా ఆపలేం.

ఇక కొలతలు. ఆ గది మీద 11'0" x 10'0" అని రాసి ఉంది. ఇది సాధారణంగా ప్లాస్టరింగ్‌కు ముందు గోడ నుంచి గోడకు ఉండే దూరం. రెండువైపులా పూత పడ్డాక ఓ అంగుళం తగ్గుతుంది. దానివల్ల పెద్ద నష్టం లేదు, అసలు చిక్కు మంచం బొమ్మతోనే. దాన్ని పట్టుకోవడానికి తలుపు గీత పనికొస్తుంది. పడకగది తలుపు మామూలుగా మూడడుగుల వెడల్పుంటుంది, బాత్‌రూముది రెండున్నర. ఫోన్‌లో బొమ్మను పెద్దది చేసి, పడకగది తలుపు రెక్కను చూపే తిన్నని గీత పొడవును ఒక కాగితం అంచు మీద గుర్తుపెట్టుకోండి. అదే మీ మూడడుగుల కొలబద్ద. పది అడుగుల గోడకు అది మూడుసార్లు పట్టి మరో మూడోవంతు మిగలాలి. అలా రాకపోతే బొమ్మను సాగదీశారన్నమాట. ఆరున్నర అడుగుల మంచానికి అది రెండుసార్లు పట్టి ఇంకాస్త మిగలాలి. ఒకటీ ముప్పావుసార్లే పడితే వాళ్లు గీసిన మంచం పొడవు ఐదుంపావు అడుగులు. గదిని విశాలంగా చూపించడానికి మంచాన్ని కుదించారు.

అసలైన మంచం వేసి చూద్దాం. తలవైపు దక్షిణపు గోడకు ఆనిస్తే, పది అడుగుల్లో కాళ్లవైపు మూడున్నర అడుగులు మిగులుతుంది. రెండోవైపున్న పదకొండు అడుగుల్లో రెండడుగులు తూర్పుగోడకున్న వార్డ్‌రోబ్‌కు, ఐదడుగులు మంచానికి పోతాయి. మంచానికి అటూ ఇటూ రెండేసి అడుగులే నడవడానికి ఉంటాయి. గది సరిపోతుంది, ఇరుకుగా.

ఇప్పుడు తలుపు దగ్గరి పావువంతు గుండ్రటి గీతను చూడండి. రెక్క ఎటు తిరుగుతుందో అది చెబుతుంది. ఈ గదిలో తలుపు ఉత్తరపు గోడకు, వార్డ్‌రోబ్ పక్కనే ఉంది. బందులు వార్డ్‌రోబ్ వైపే బిగించారు. లోపలికి తెరిచిన తలుపు వార్డ్‌రోబ్ ముందు మూడడుగుల మేర నిలబడుతుంది. తలుపు వేస్తేగానీ బట్టలు తీసుకోలేం. బందులను అవతలివైపుకు మార్చితే రెక్క ఖాళీ గోడకు ఆనుకుంటుంది. గుమ్మం బిగించకముందు అడిగితే ఇది దాదాపు ఖర్చులేని మార్పు. బిగించాక అది అదనపు పనే.

గాలి లెక్క కిటికీ గుర్తులో ఉంటుంది. ప్లానులో W అంటే కిటికీ, V అంటే వెంటిలేటర్. ఎత్తు, వెడల్పు పక్కనుండే పట్టికలో దొరుకుతాయి. ఈ గది 110 చదరపు అడుగులు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పొడి వేడి ఉండే చోట కిటికీల విస్తీర్ణం గది నేలలో కనీసం పదో వంతు, ఉక్కపోత ఉండే చోట ఆరో వంతు ఉండాలి. అంటే మొదటిచోట 11, రెండోచోట 18 చదరపు అడుగులు. మన కిటికీ 4'x4', అంటే 16. లోతట్టు ఊళ్లకు సరే, కోస్తాకు చాలదు. పైగా రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ అయితే ఒకసారికి సగమే తెరుచుకుంటుంది, గాలి వచ్చే దారి ఎనిమిది చదరపు అడుగులే. స్లైడింగ్ బదులు రెక్కల కిటికీ పెడితే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది.

ఆ కిటికీ ఆకాశంలోకి తెరుచుకుంటుందా, డక్ట్‌లోకా, పక్క బ్లాకు గోడకెదురుగానా అన్నది మాత్రం ఒక్క ఫ్లాటు బొమ్మలో కనిపించదు. అందుకే అడ్వాన్సు ఇచ్చేముందు ఆ అంతస్తు మొత్తం ప్లాను, బ్లాకుల మధ్య దూరాలున్న సైట్ ప్లాను కూడా అడిగి తీసుకోండి.