ఔన్సు బంగారానికి ఎన్ని పీపాల చమురు?

2020 ఏప్రిల్ 20న ఔన్సు బంగారం ధరతో సుమారు 66 పీపాల బ్రెంట్ ముడి చమురు కొనగలిగేవారు. 2025 అక్టోబరులో బంగారం తొలిసారి 4,000 డాలర్లు దాటినప్పుడు అదే ఔన్సుకు 60 పీపాలకు పైగా వచ్చేవి. సంఖ్యలు దగ్గరగానే ఉన్నా, కారణాలకు మాత్రం పొంతన లేదు.

బంగారం–చమురు నిష్పత్తి లెక్క తేలికే. ఔన్సు, అంటే 31.1 గ్రాముల బంగారం ధరను పీపా, అంటే సుమారు 159 లీటర్ల ముడి చమురు ధరతో భాగిస్తే సరి. రెండింటి ధరా డాలర్లలోనే చెబుతారు కాబట్టి భాగహారంలో డాలరు కొట్టుకుపోతుంది. ఒక సరుకుతో ఇంకో సరుకు ఎంత కొనగలమన్నదే మిగులుతుంది. జనం భద్రత కోసం దాచుకునేదానికీ, ఆర్థిక వ్యవస్థ రోజూ కాల్చేదానికీ మధ్య తూకం ఎటు మొగ్గిందో చెప్పాలన్నది ఈ కొలత ఉద్దేశం. 2008 జూలైలో చమురు 147 డాలర్లకు ఎగబాకినప్పుడు ఆ సంఖ్య ఏడు కూడా లేదు.

2020లో ఏం జరిగింది? కరోనాతో విమానాలు, వాహనాలు ఆగిపోయాయి. బావుల నుంచి చమురు మాత్రం వస్తూనే ఉంది. అమెరికా రకం చమురును అప్పగించే ఓక్లహోమాలోని కుషింగ్‌లో నిల్వ ట్యాంకులలో ఖాళీ దొరకడం గగనమైంది. మే నెల కాంట్రాక్టు గడువు మర్నాడే. దాన్ని చేతిలో ఉంచుకుంటే సరుకు దించుకోవాలి, దించుకోవడానికి చోటు లేదు. దాంతో ఏప్రిల్ 20న ధర సున్నా కిందికి జారి, మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. ఆ ధరతో భాగిస్తే నిష్పత్తికే అర్థం ఉండదు. అందుకే పైన బ్రెంట్ ధర తీసుకున్నాను. బంగారానికి ఈ ఇబ్బంది రాదు: కోట్ల విలువైన కడ్డీలు చిన్న గదిలో పడతాయి, తరుగూ ఉండదు.

2025లో కదిలింది బంగారం. 2022లో రష్యా విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, పలు కేంద్ర బ్యాంకులు పసిడిని మరింత ఎక్కువగా కొన్నాయి. చమురు సుమారు 65 డాలర్ల దగ్గర పెద్దగా కుప్పకూలకుండానే ఉంది. నిష్పత్తి పెరిగిందని మాంద్యం వచ్చేస్తోందనుకోవడం 2020కి అతుకుతుంది, 2025కు అతకదు. నన్నడిగితే, రెండు ధరల గ్రాఫులనూ విడివిడిగా చూడకుండా ఈ సంఖ్యను నమ్మి మదుపు చేయడం ప్రమాదం.

రూపాయల్లో లెక్కించినా అంతర్జాతీయ నిష్పత్తి మారదు, మారకపు రేటు రెండు వైపులా ఒక్కటే. కానీ మన నగల దుకాణం ధరలో దిగుమతి సుంకం ఉంటుంది, పెట్రోలు బంకు ధరలో శుద్ధి ఖర్చు, ఎక్సైజు, రాష్ట్ర వ్యాట్, డీలరు కమీషను ఉంటాయి. ఆ రెంటినీ భాగిస్తే వచ్చేది వేరే సంఖ్య.