థాంక్స్ చెప్పడానికి చెప్పుల సంచి చాలు

సర్‌ప్రైజ్ పార్టీ జరిగిన మర్నాడు పొద్దున వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వస్తుంది. ‘అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ రోజును జీవితంలో మరిచిపోలేను.’ కింద దండం పెట్టే బొమ్మలు వరసగా ఉంటాయి. పేరుపేరునా అంటూనే అందులో ఒక్క పేరూ ఉండదు. మరిచిపోలేనంటూనే గుర్తున్నది ఒక్కటీ చెప్పరు. చదివినవాళ్లు బదులుగా మరో నాలుగు దండాలు పెడతారు. ముచ్చట అక్కడితో సరి.

రాసినవారికి కృతజ్ఞత లేదని కాదు. సర్‌ప్రైజ్ పార్టీ తీరే అలాంటిది. ఎవరి కోసం చేశారో వాళ్లకే అందులో సగం కనబడదు. వారం రోజులు వాళ్లను తప్పించి నడిచిన గ్రూపు, చందాలు, కేకు ఎక్కడ దాచాలన్న గొడవ, ఇవేవీ వాళ్లు చూసినవి కావు. తలుపు తీయగానే అరుపులు, కళ్లలోకి ఫోను లైట్లు. ఆ కంగారులో మొదటి పది నిమిషాలు ఎవరు ఏమన్నారో సరిగ్గా చెవికెక్కదు. అందుకే మర్నాడు రాయబోతే పెద్ద పెద్ద మాటలే చేతికొస్తాయి. దీనికి తోడు మనవాళ్ల మధ్య ఇంకో ఇబ్బంది ఉంది. దగ్గరి స్నేహితురాలికి థాంక్స్ అంటే ‘మన మధ్యల థాంక్సేందే’ అని కసురుతుంది. అలా అన్నదని ఊరుకుంటే ఆమె చేసిన పని గాలికి పోతుంది. గుర్తున్న చిన్న సంగతిని పేరు పెట్టి చెబితే ఈ రెండు చిక్కులూ తీరతాయి. థాంక్స్ అన్న మాట వాడకపోయినా ఫరవాలేదు.

హన్మకొండలో ఒక టీచరమ్మ యాభయ్యో పుట్టినరోజు అనుకుందాం. మే నెల, సెలవులు. డిగ్రీలో కలిసి చదివిన స్నేహితురాళ్లు ఆమె ఇంట్లోనే పార్టీ పెట్టారు. ‘అత్తమ్మకు కళ్లజోడు కొనాలె, తోడు రా’ అని ఒకామె ఆమెను సాయంత్రం బజారుకు తీసుకెళ్లింది. ఈలోపు మిగతావాళ్లు వచ్చి చేరారు. మన ఇళ్లలో ఇలాంటి పార్టీల గుట్టు రట్టు చేసేవి గుమ్మం ముందు చెప్పులే. పదిహేను జతలు కనబడితే తలుపు తీయకముందే సంగతి తెలిసిపోతుంది. అందుకని ఆమె భర్త వాటన్నిటినీ ఒక గోనెసంచిలో వేసి మేడ మెట్ల కింద పెట్టాడు. రాత్రి పోయేటప్పుడు ఆ సంచి కుమ్మరించి జతలు వెతుక్కోవడం కేకు కోతకంటే పెద్ద సందడి అయ్యింది.

ఇప్పుడు ఈమె ఏం రాయాలి? మొదట చేయాల్సింది రాయడం కాదు, గుర్తున్నవి పొల్లుపోకుండా దాచుకోవడం. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో అచ్చువేశాడు. మరుపు తొలి గంటల్లోనే జోరుగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ అందులో తేలింది. పార్టీ జ్ఞాపకాలు అర్థంలేని అక్షరాలు కావు, నిజమే. అయినా ఆ రాత్రే పడుకునేముందు ఫోనులో నాలుగు ముక్కలు రాసుకోవడం మేలు. వాక్యాలు అక్కర్లేదు. ‘క్రీము. ఫ్యాను స్విచ్చి. కరీంనగర్ బస్సు. చెప్పులు.’ చాలు. రెండు రోజులు ఆగితే మిగిలేవి ఫొటోలే. ఫొటోల్లో అందరూ ఒకేలా నవ్వుతుంటారు.

ఆ ముక్కలను మర్నాడు ఎవరివి వాళ్లకు పంచాలి. కేకు పంచిన స్నేహితురాలికి ఆమె ఇలా రాయవచ్చు: ‘నా ముక్క మీది క్రీమంతా గీకి పక్కకు పెట్టి ఇచ్చినవు. చూసిన. నా షుగర్ సంగతి నలుగుర్ల ఎత్తకుండ చేసినవు చూడు, అదే నాకు నచ్చింది.’ కరీంనగర్ నుంచి వచ్చినామెకు: ‘తొమ్మిదింటి బస్సు అందుకోవాలె నువ్వు. అయినా ఎనిమిదిన్నర దాంక గడియారం దిక్కు చూడలె. నేను గమనిస్తనే ఉన్న.’ కొవ్వొత్తులు ఆరిపోకుండా ఫ్యాను ఆపి, ఉక్కపోత తట్టుకోలేక మళ్లీ వేస్తూ స్విచ్చి బోర్డు దగ్గరే నిలబడ్డ ఒకరి కొడుకుకు: ‘కేకు కోసినంతసేపు నువ్వు గోడకే ఉన్నవు బిడ్డా. ఫొటోల లేవు గానీ నాకు కనబడ్డవు.’

ఈ మూడింటిలోనూ ‘నాకెంత ఆనందమైందో’ అన్న వాక్యం లేదు. చేసినవాళ్ల పనే ఉంది, ఆ పనిలో బయటపడ్డ వాళ్ల గుణం ఉంది. అమెరికాలో సారా ఆల్గో, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పట్టి చూసింది. జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే తీరును వాళ్లు పరిశీలించారు. తనకు ఒరిగిన లాభం గురించి చెప్పడం కంటే, ఎదుటివారు చేసినదాన్ని మెచ్చుకోవడమే విన్నవారి మనసుకు ఎక్కువ హత్తుకుంది. అలాగే, ఇంత వివరంగా రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అన్న జంకు చాలామందికి ఉంటుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో కృతజ్ఞతా లేఖలు రాసినవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడ్డారు. అందుకున్నవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని ఎక్కువ ఊహించుకున్నారు, కలిగే సంతోషాన్ని తక్కువ అంచనా వేశారు.

అయితే గుర్తున్నదల్లా రాయకూడదు. క్రీము సంగతి గ్రూపులో పెడితే, ఆమె గుట్టుగా చేసిన పనిని మనమే చాటింపు వేసినట్టు. అది ఆమెకొక్కదానికే పోవాలి. గ్రూపులో చెప్పదగింది చెప్పుల సంచి లాంటిది, అందరూ ఉన్నది, అందరూ నవ్వింది. ఖర్చు ఊసు అసలు వద్దు. ‘ఇంత ఖర్చెందుకు పెట్టిన్రు’ అని మనం మర్యాదకే అంటాం, చదివేవాళ్లకు లెక్క అడిగినట్టుంటుంది. రానివాళ్ల ప్రస్తావన కూడా అంతే. ఒకరికి ఒక సంగతి చాలు. ఆరు ఏరి రాస్తే ఆడిట్ రిపోర్టులా ఉంటుంది. ఇక చూడనిదాన్ని చూసినట్టు రాస్తే ఇట్టే దొరికిపోతారు. బుడగలు రాత్రంతా ఊదిందెవరో తెలియకపోతే, ‘ఎవరూదిన్రే ఇన్ని?’ అని అడగడమే మంచిది. అడగడం కూడా గుర్తుంచుకోవడమే.

రాసింది తగలవలసిన చోట తగిలిందో లేదో జవాబు చూస్తే తెలుస్తుంది. దండం బొమ్మ వస్తే మీ మాట పైపైనే పోయింది. ‘నీకు తెల్వదు గానీ, ఆ కేకు రెండుసార్లు మార్పించినం’ అంటూ తెర వెనుక కథ మొదలైతే సరైన చోటే పడింది. మీకు కనబడని సగం అలాగే మీ చేతికొస్తుంది. అప్పుడు మళ్లీ థాంక్స్ చెప్పనక్కర్లేదు, వింటే చాలు.

ఇలాంటి సందేశాల్లో తరచూ తప్పిపోయేది ఒకరే. పార్టీ వైపు నుంచి మనల్ని మళ్లించి, అబద్ధం ఆడి, రెండు గంటలు బజారులో తిప్పినవాళ్లు. ఇంట్లో సంబరం సిద్ధమవుతుంటే వాళ్లు కళ్లజోళ్ల దుకాణంలో అక్కర్లేని ఫ్రేములు పెట్టి చూస్తూ, ఫోను మోగినప్పుడల్లా పక్కకు పోయి మాట్లాడుతూ గడిపారు. పంపేముందు ఒకసారి చూసుకోండి, వాళ్ల పేరు రాశారా?