చెవికి అందే హిందీ

ఫోన్ బ్యాంకింగ్‌లో వినేవారి ముందు కాగితం ఉండదు. విన్నదే గుర్తుంచుకోవాలి. బ్యాంకు పత్రాల హిందీ అక్కడ పనికిరాదు.

‘అప్నే ఖాతే కీ శేష్ రాశి కీ జాన్‌కారీ ప్రాప్త్ కర్నే హేతు కృపయా ఏక్ దబాయేఁ’ అన్నది 13 మాటలు. ‘శేష్ రాశి’ బదులు అందరూ వాడే ‘బ్యాలెన్స్’ పెడితే ఆరు చాలు: ‘బ్యాలెన్స్ జాన్‌నే కే లియే ఏక్ దబాయేఁ’.

ఇందులో పని ముందు, అంకె చివర. అంకెతో మొదలుపెడితే, అది దేనికో వినేసరికి అంకె మరిచిపోతారు.

‘క్యా ఆప్ చాహ్‌తే హైఁ’ అంటే మగవారినే అడిగినట్టుంటుంది. ‘కే లియే’తో ఆ చిక్కు రాదు.

రాసింది ఒకరికి ఫోన్లో చదివి వినిపించాలి. అంకె నొక్కకుండా మళ్లీ చెప్పమంటే ఆ వాక్యాన్ని తిరగరాయాల్సిందే.