పటం పట్టేంత చోటు ఉందా?

ప్రశ్నపత్రం టైపు చేసేటప్పుడు చాలామంది టీచర్లు మార్కుల అంకెను స్పేస్‌బార్ కొట్టుకుంటూ కుడివైపుకి జరుపుతారు. వారి కంప్యూటర్‌లో అది సరిగ్గానే కనిపిస్తుంది. జిరాక్స్ షాపులో ఆ తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల వెడల్పు మారి, మార్కు కింది వరుసలోకి జారుతుంది. ఏ అంకె ఏ ప్రశ్నదో పిల్లలకు అర్థం కాదు.

దీనికి నికరమైన మార్గం గీతలు కనిపించని మూడు నిలువు గడుల పట్టిక. ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. రెండు వైపులా 20 చొప్పున మార్జిన్ పోతే 170 మిగులుతుంది. అందులో ప్రశ్న సంఖ్యకు 12, ప్రశ్నకు 143, మార్కులకు 15 సరిపోతాయి. ఫాంటు మారినా మార్కు తన గడి దాటదు.

విభాగం శీర్షికలో లెక్క కూడా ఉండాలి. ఇంటర్ గణితంలో ఏళ్ల తరబడి నడిచిన 75 మార్కుల పత్రమే తీసుకోండి. సెక్షన్-ఎలో 10 × 2 = 20. సెక్షన్-బిలో ఏడింటిలో ఐదు రాయాలి, 5 × 4 = 20. సెక్షన్-సిలోనూ ఏడింటిలో ఐదే, 5 × 7 = 35. అచ్చయిన ప్రశ్నలన్నిటి మార్కులూ కూడితే 97 వస్తాయి. ఎన్ని రాయాలో, ఎన్ని మార్కులు లెక్కలోకి వస్తాయో శీర్షికలోని ఆ గుణకారమే చెబుతుంది.

జవాబు ప్రశ్నపత్రంలోనే రాయించే యూనిట్ పరీక్షలో అసలు చిక్కు పటాల దగ్గర వస్తుంది. ఉదాహరణకు పదో తరగతి ప్రశ్న ఒకటి: కుంభాకార కటకం నాభ్యాంతరం 5 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది. (ఎ) కిరణ చిత్రం గీయండి, 2 మార్కులు. (బి) ప్రతిబింబ దూరం కనుక్కోండి, 1. (సి) ప్రతిబింబ లక్షణాలు రాయండి, 1.

ప్రతిబింబం 7.5 సెం.మీ. దగ్గర ఏర్పడుతుంది. అంటే అసలు కొలతలతో గీయాలంటే పటానికి 22.5 సెం.మీ. వెడల్పు కావాలి. మన ప్రశ్న గడి 14.3 సెంటీమీటర్లే. పాపం, పిల్లలు సగం గీశాక చోటు చాలదని గ్రహించి, చెరిపి, మళ్లీ మొదలుపెడతారు. నాభ్యాంతరం 2, వస్తు దూరం 6 అని ఇస్తే ప్రతిబింబం 3 సెం.మీ. దగ్గర వస్తుంది. మొత్తం వెడల్పు 9 సెంటీమీటర్లే. వస్తువు ఎత్తు 2 సెం.మీ. అయితే ప్రతిబింబం 1 సెం.మీ. ఉంటుంది. 12 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. ఎత్తున్న ఖాళీలో కటకం, కిరణాలు, పేర్లు అన్నీ పడతాయి. అడిగిన భౌతికశాస్త్రంలో మాత్రం ఏ తేడా లేదు.

ఆ ఖాళీని (ఎ) కిందే వదలాలి. (సి) తర్వాత వదిలితే (బి) లెక్క కూడా అందులోనే చేసేసి, పటానికి చోటు లేకుండా చేసుకుంటారు. పట్టికలో అడ్డవరుస రెండు పేజీల మధ్య విరగకుండా సెట్టింగ్ మార్చాలి. లేకపోతే ప్రశ్న ఒక పేజీలో, ఖాళీ మరో పేజీలో పడుతుంది.

కాపీలు తీయించే ముందు ఒక్క ప్రతి ప్రింటు తీసి, ప్రశ్నలు తయారుచేసినవారే స్కేలు, పెన్సిలు పట్టుకుని ప్రతి పటమూ అందులో గీసి చూడాలి. ఉపప్రశ్నల మార్కులు కూడి ప్రశ్న మార్కుతో, విభాగాల మార్కులు కూడి మొత్తం మార్కులతో సరిచూడాలి. ఈ పనికి పట్టే కాసేపు పరీక్ష హాల్లో పిల్లల సమయాన్ని కాపాడుతుంది.