గళ్ళ చొక్కా ఎందుకు వణుకుతుంది?

తెల్ల టీషర్టు వేసుకున్న కుర్రాడు నడిచొచ్చి పక్కకు తిరిగే ఐదు సెకన్ల వీడియో ఉందనుకుందాం. అతనికి నీలం గళ్ళ చొక్కా తొడగమని ఏఐకి చొక్కా ఫొటో ఇచ్చాం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మొత్తం 120 బొమ్మలు. ఎక్కడ ఆపి చూసినా చొక్కా బాగానే కుదిరింది. ప్లే చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. గళ్ళు వణుకుతాయి, మూడో గుండీ వచ్చి పోతూ ఉంటుంది.

ఈ పనికి ఇప్పుడు ఎక్కువగా వాడే డిఫ్యూజన్ మోడళ్ళు చుక్కల గందరగోళంతో, అంటే నాయిస్‌తో మొదలుపెట్టి, దాన్ని విడతలవారీగా తేటపరుస్తూ బొమ్మ తేలుస్తాయి. ఫ్రేముకో కొత్త నాయిస్ ఇస్తే, గీతల మందం, మడతల చోటు లాంటివి ప్రతిసారీ కొంత మారిపోతాయి. పోనీ అన్నిటికీ ఒకే నాయిస్ ఇద్దామా? వణుకు కొంత తగ్గుతుంది కానీ, మనిషి కదులుతున్నా గళ్ళు తెరకు అతుక్కుపోయినట్టు ఉన్నచోటే ఉండిపోవచ్చు. నాకైతే వణుకు కన్నా అదే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అందుకే ఫ్రేములను విడివిడిగా కాకుండా కలిపి గీయిస్తారు. ఒక ఫ్రేములో గుండీ గీసేటప్పుడు మిగతా ఫ్రేముల్లో అదెలా ఉందో మోడల్ చూసుకుంటుంది. దీన్నే టెంపోరల్ అటెన్షన్ అంటారు. అయితే 120 ఫ్రేములూ ఒకేసారి చూడాలంటే గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలకపోవచ్చు. అప్పుడు 16 ఫ్రేముల చొప్పున ముక్కలు చేసి, పక్కపక్క ముక్కలకు నాలుగు ఫ్రేములు ఉమ్మడిగా ఉంచి, అక్కడ రెండు ఫలితాలనూ కలుపుతారు. ఆ ఉమ్మడి భాగం లేకపోతే అర సెకనుకు పైచిలుకు గడిచిన ప్రతిసారీ చొక్కా రంగు చటుక్కున మారినట్టు కనిపిస్తుంది. వణుకు అలా లెక్కగా వస్తుంటే తప్పు అతుకుల్లో ఉందన్నమాట.

అంచులు మాత్రమే పాకుతుంటే మాస్కును అనుమానించాలి. పాత టీషర్టును ఎక్కడిదాకా చెరిపేయాలో చెప్పే హద్దు అది. ఫ్రేముకో రకంగా కత్తిరిస్తే మోడల్ ఎంత మంచిదైనా లాభం లేదు. మాస్కును కాస్త వెడల్పు చేసి, ముందువెనక ఫ్రేములతో సరిచూస్తే చాలావరకు కుదురుతుంది.

కంటితో తేల్చుకోలేనప్పుడు ఒక పరీక్ష ఉంది. ప్రతి ఫ్రేములో ఛాతీ మీదుగా ఒకే నిలువు వరస పిక్సెళ్ళు తీసి, వరసగా పక్కపక్కన పేర్చాలి. చొక్కా నిలకడగా ఉంటే అడ్డగీతలు నునుపుగా సాగుతాయి, వణుకుంటే రంపపు పళ్ళలా తెగుతాయి.

ఇంత చేసినా వీపు దగ్గర చిక్కే. ముందువైపు ఫొటో ఒక్కటే ఇస్తే వెనకభాగం మోడల్ ఊహించాల్సిందే. కుర్రాడు రెండుసార్లు తిరిగి, ఆ రెండూ దూరపు ముక్కల్లో పడితే, మొదటిసారి లేని కుట్టు రెండోసారి రావచ్చు. వెనక ఫొటో కూడా తీసి, దాన్ని వాడుకోగల మోడల్‌కు ఇవ్వడం తేలికైన దారి.